వనజ పాఠానికి రెండు కాగితాలు

బి.ఎడ్.లో చేరకముందు వినోద కొన్ని సీజన్లు వడ్ల కొనుగోలు కేంద్రంలో పనిచేసింది. చొప్పదండి దగ్గర ఆమె అత్తగారి ఊళ్లో మహిళా సంఘం నడిపే కేంద్రం అది. గుప్పెడు వడ్లు యంత్రంలో పోసి తేమ చూడటం ఆమె పని. తేమ పదిహేడు శాతం దాటితే లేదు, కొనరు. దాటకపోతే అవును. రైతు ఎంత బతిమాలినా యంత్రం అంకె మార్చదు. వినోద కూడా మార్చేది కాదు. ఊళ్లో ఆమెను మొండిది అనేవారు. ఆమెకు అది తిట్టులా అనిపించేది కాదు.

భర్త కరుణాకర్ ఖతర్‌లో ఒక కంపెనీలో ఫోర్‌మన్. పెళ్లయిన చాలా ఏళ్లకు, కూతురు బడికి పోవడం మొదలయ్యాక, వినోద మళ్లీ పుస్తకం పట్టింది. కరీంనగర్‌లో బి.ఎడ్. సీటు వచ్చింది. తరగతిలో అందరికన్నా పెద్దది కాబట్టి అందరికీ అక్క అయింది.

రెండో ఏడు ఇంటర్న్‌షిప్‌కు సిరిసిల్ల వైపు ఒక నేత ఊరి బడిని కేటాయించారు. బస్సు దిగితే సాంచాల చప్పుడు మొదలయ్యేది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. బడి వెనక గోడకు ఆనుకుని ఒక సాంచాల షెడ్డు ఉంది. కరెంటు ఉన్నంతసేపూ గోడ కొట్టుకుంటూ ఉంటుంది. ఏడో తరగతి గది ఆ గోడ పక్కనే.

ఆ బడికి ముగ్గురు వచ్చారు. వినోద, వనజ, రంజిత్. వనజది, రంజిత్‌ది సాంచాల ఇళ్లే. వనజ వాళ్ల ఇల్లు బడి నుంచి రెండు వీధుల అవతల. ఏడో తరగతి గణితం వనజకు అప్పగించారు.

పాఠాలు చెప్పడమే కాదు, ఒకరి పాఠం ఒకరు కూర్చుని చూడాలి. చూసినదాన్ని ఒక శోధన సూచికలో నమోదు చేయాలి. చెక్‌లిస్ట్ అంటారు అందరూ. ముగ్గురి తరఫున దాన్ని తయారుచేసే పని వినోద తీసుకుంది. మొదట సీనియర్ల రికార్డులో ఉన్నదాన్నే ఎత్తి రాసింది. పర్యవేక్షణకు వచ్చిన సదానందం సార్ ఆ కాగితం చూశాడు.

“ఉపాధ్యాయురాలికి ఆత్మవిశ్వాసం ఉంది. ఇదేందమ్మా?”

“ఉన్నదా లేదా అని టిక్ పెడ్తం సార్.”

“ఆత్మవిశ్వాసం ఎక్కడ కనబడ్డది నీకు? చేతిల పట్టుకున్నదా?”

రంజిత్ నవ్వాడు.

“నువ్వు నవ్వకు. పోయిన ఏడు మీ సీనియర్లు గీ కాగితం మీదనే అందరికి అందరు ‘అవును’ పెట్టుకున్నరు. ఒక్క ‘లేదు’ చూడలే నేను. అంతమంది గొప్ప టీచర్లు తయారైతే దేశానికి ఫికర్ ఎందుకు?”

తర్వాత ఆయన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. కంటికి కనిపించేది, చెవికి వినిపించేది మాత్రమే రాయాలి. ఒక వాక్యంలో ఒకటే పని ఉండాలి. బాగా, చక్కగా, సరిగ్గా వంటి మాటలు రావద్దు. పాఠం మొత్తాన్నీ ఒకేసారి చూడలేము కాబట్టి ఒక అంశం తీసుకోవాలి. ఏ అంశం అన్నది పాఠం చెప్పే మనిషితో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. మూడు గడులు ఉండాలి: అవును, లేదు, అవకాశం రాలేదు. ఒకే పాఠాన్ని ఇద్దరు విడివిడిగా చూసి కాగితాలు పోల్చాలి. కలిస్తే సూచిక పనికొస్తుంది. కలవకపోతే మళ్లీ రాయాలి.

“ఇంకొకటి. మార్కులు కూడవద్దు. ఇది పరీక్ష కాదు.”

వినోద అన్నీ రాసుకుంది. ఇది తనకు తెలిసిన పనిలాగే ఉంది అనుకుంది. కనిపిస్తే అవును, లేకపోతే లేదు.

ప్రశ్నలు అడగడం అన్న అంశం తీసుకుని వాక్యాలు రాసింది. ప్రశ్నను ముందు తరగతి అంతటినీ అడిగి, తర్వాత ఒకరి పేరు పిలిచింది. ప్రశ్న తర్వాత ఆలోచించే సమయం ఇచ్చింది. పిల్లలు ఒక్కొక్కరుగా జవాబు చెప్పారు. తప్పు జవాబును పిల్లల చేతనే దిద్దించింది. వెనక వరుసలోని వాళ్లను కూడా ప్రశ్నించింది. ఇట్లా పేజీ నిండింది. ప్రతి వాక్యం శుభ్రంగా ఉంది. వనజతో కూర్చుని మాట్లాడటం మాత్రం జరగలేదు. బస్టాండులో బస్సు కదులుతుండగా కాగితం చూపింది.

“మంచిగున్నది అక్కా,” అంది వనజ. చదవలేదని తెలుస్తూనే ఉంది.

పాఠం రోజు వినోద వెనక బెంచీలో కుడివైపు కూర్చుంది. రంజిత్ ఎడమ గోడ పక్కన మధ్య వరుసలో కూర్చున్నాడు. సాంచాలు నడుస్తున్నాయి. పూర్ణ సంఖ్యల కూడిక పాఠం. వనజ బోర్డు మీద రుణ మూడు, ధన అయిదు రాసి మధ్యలో కూడిక గుర్తు పెట్టింది. మాట్లాడలేదు. చెయ్యి పైకెత్తి ఆపింది. గది ఆమె చేతిని చూసింది. ఆ చెయ్యి దించగానే పిల్లలంతా ఎదురుగా వేళ్లు చాపారు. కొందరి అరచేయి పైకి ఉంది, కొందరిది కిందికి. వనజ ఒక పిల్లవాడి వైపు గడ్డం ఎత్తింది. వాడు లేచి బోర్డు మీద సంఖ్యారేఖ గీసి గెంతులు పెట్టాడు. తప్పు పెట్టాడు. వనజ మరో పిల్ల వైపు కళ్లు తిప్పింది. ఆ పిల్ల లేచి వచ్చి సున్న దగ్గర వేలు పెట్టి నిలబడింది. వాడు చూసి, తుడిచి, మళ్లీ గీశాడు.

వినోద వినడానికి ప్రయత్నించింది. ఏమీ వినిపించలేదు. ప్రశ్న వినిపించలేదు. పేరు పిలవడం వినిపించలేదు. పిల్లలు ఒక్కొక్కరుగా ఏదీ చెప్పలేదు. లేదు, లేదు, లేదు అని పెట్టుకుంటూ పోయింది. ‘అవకాశం రాలేదు’ అన్న మూడో గడి ఆమెకు మొదటి నుంచీ నచ్చలేదు. తప్పించుకునేవాళ్ల గడి అనిపించింది. దాన్ని ముట్టలేదు.

మధ్యలో కరెంటు పోయింది. షెడ్డు ఒక్కసారిగా ఆగింది. వనజ ఆ నిశ్శబ్దంలో కూడా కొద్దిసేపు చేతులతోనే చెప్పింది. తర్వాత గుర్తొచ్చినట్టు, “ఇప్పుడు పుస్తకాలు తీయండి,” అంది. పిల్లలు ఉలిక్కిపడ్డారు.

స్టాఫ్‌రూమ్‌లో ఒక మూల వినోద, రంజిత్ కాగితాలు పక్కపక్కన పెట్టారు. రంజిత్ కాగితం నిండా అవును. వినోద కాగితం దాదాపు అంతా లేదు.

“నువ్వు ఏ క్లాసుల కూసున్నవ్ తమ్మీ?” అంది వినోద.

“నువ్వు కూసున్న దాంట్లనే. నిద్రపోయినవా అక్కా?”

“ప్రశ్న అడిగిందని పెట్టినవు. ఏం ప్రశ్న అడిగింది? చెప్పు.”

“రుణ మూడుకు అయిదు కలిపితే ఎంత అని.”

“ఎప్పుడన్నది?”

“అన్నది. చెయ్యి ఎత్తి పట్టుకున్నది చూడు, అదే.”

“అది చెయ్యి. ప్రశ్న కాదు.”

“ఓ అక్కా, మా అవ్వ, మా బాపు సాంచాల కాడ నేను పుట్టకముందు సంది గట్లనే ముచ్చట పెట్టుకుంటరు. కండెల నూలు అయిపోయిందా, చాయ్ వచ్చిందా, బిడ్డ ఏడుస్తుందా, అన్నీ చెయ్యితోటే. కొట్లాట కూడా చెయ్యితోటే. ఆ చప్పుట్ల నోరు తెరిస్తే గొంతు పోవుడు తప్ప ఏమొస్తది? ఆ పిల్లలందరు గా ఇండ్ల పిల్లలే.”

“నువ్వు ఆ ఇంటోనివి కాబట్టి నీకు కనబడ్డది. కాగితం ఎవరు చూసినా ఒకటే చెప్పాలె కదా?”

“మరి నీకు కనబడకపోతే అది లేనట్టేనా?”

వినోద రెండు కాగితాలనూ మళ్లీ చూసింది. ఆమెకు రంజిత్ దోస్తు కోసం టిక్కులు కొట్టినట్టు అనిపించింది. అంతలోనే తను గుడ్డిదానిలా కూర్చున్నట్టు కూడా అనిపించింది. రెండూ ఒకేసారి నిజం కావడం ఎలాగో తెలియలేదు.

ఆ మాటలు పక్క బల్ల దగ్గర హెడ్‌మాస్టర్ హనుమండ్లు సార్ విన్నాడు. లేచి వచ్చి వినోద కాగితం తీసుకున్నాడు. పెన్నుతో అవునులు లెక్కపెట్టి కింద అంకె వేసి దాని చుట్టూ సున్న చుట్టాడు.

“నాకు అనుమానమే ఉండె. ఆ క్లాసు ముందు నుంచి పోతే ఒక్క మాట వినబడదు. ఈ పొల్ల పాఠం చెప్తుందా, ఊకె నిలబడుతుందా అని పరేషాన్ అయిత. ఆమె దోస్తువైన నువ్వే రాసినవ్. సోమవారం సంది ఏడో క్లాసు లెక్కలు మా బడి లెక్కల సార్‌కే ఇస్త. ఆమె ఇంకేదన్న చెప్పుకోని.”

“సార్, అది కూడేది కాదు సార్. మార్కులు కావవి.”

“మార్కులు కాకపోతే గిన్ని గీతలెందుకు కొట్టినవమ్మా?”

కాగితం ఆయన జేబులోకి పోయింది. రంజిత్ కాగితం వైపు ఆయన చూడలేదు.

గుమ్మంలో వనజ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఇంటర్న్‌షిప్ పాఠాలు ఆమెవి ఇంకా సగం మిగిలాయి. పూర్ణ సంఖ్యల యూనిట్ మధ్యలో తరగతి పోతే యూనిట్ రికార్డు, యూనిట్ పరీక్ష అన్నీ పోయినట్టే. అది వినోదకు తెలుసు. వనజ ఆ సంగతి ఎత్తలేదు.

“నిజంగ నేనేం అడగలేదా అక్కా? గంటసేపు ఊకెనే నిలబడ్డనా?”

“నాకు వినబడలే వనజా.”

“వినబడలే అని రాయలేదు కదా. లేదు అని రాసినవ్.”

ఆమె వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయే బస్సులో వినోద ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. కరుణాకర్ ఫోన్ చేశాడు.

“మాకు గూడ చెక్‌లిస్ట్ ఉంటది,” అన్నాడు సంగతంతా విని. “పొద్దుగాల సైట్‌కు పోంగనే. హెల్మెట్ ఉన్నదా, బెల్టు ఉన్నదా, నిచ్చెన మంచిగున్నదా. బస్సుల కూసునే అన్నిటికి టిక్ కొడ్త.”

“చూడకుంటనే?”

“చూస్తే పని ఎప్పుడు సురువైతది? లేదు అని పెడితే ఎందుకు లేదు అని ఇంకో కాగితం నింపాలె. నువ్వు గూడ అవును పెట్టేసి రాకపోయినవా? ఆ పిల్ల బతికిపోతుండె.”

“అట్ల పెడితే అది అబద్ధం కాదా?”

“నువ్వు పెట్టింది నిజమా మరి?”

ఆయన తమాషాకు అన్నాడు. వినోదకు నవ్వు రాలేదు.

మరునాడు ఆమె సదానందం సార్‌కు ఫోన్ చేసింది. ఎవరి కాగితం సరైనదో చెప్పమంది.

“నన్నెందుకు అడుగుతవమ్మా? నేను ఆ గదిల లేను.”

“ఇద్దరిల ఒకరిది తప్పు ఉండాలె కదా సార్.”

“తప్పు మనుషులదే కానక్కరలేదు. వాక్యంది కావచ్చు.”

“కావచ్చా సార్? అయిందా?”

“కావచ్చు. నువ్వు ‘లేదు’ అని పెట్టినవు. జరగలేదనా, నీకు తెలియలేదనా?”

ఆమె ఆలోచించింది. రెండింటికీ ఒకే గడి వాడింది.

“వనజతోటి పాఠానికి ముందు కూసున్నవా?”

“బస్టాండ్ల చూపించిన సార్.”

“హెడ్‌మాస్టర్‌తో నేను మాట్లాడగలను. మాట్లాడితే ఆయన ఊకుంటడు. కానీ ఆ కాగితం నీది,” అని ఫోన్ పెట్టేశాడు. ఇది సాయమో శిక్షో ఆమెకు అర్థం కాలేదు.

ఆదివారం వినోద వనజ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. వీధి పొడవునా షెడ్లు. వనజ అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడుతోంది. వినోదను చూసి లేవలేదు. పీట మాత్రం ముందుకు జరిపింది.

“నువ్వు చెయ్యి ఎత్తి ఆపుతవు. అదేంది?” అంది వినోద. పక్క షెడ్డు చప్పుడుకు అరవాల్సి వచ్చింది.

“ఆలోచించుమని. చెయ్యి దించేదాక ఎవ్వలు చూపెట్టద్దు.”

“గడ్డం ఎత్తితే?”

“నువ్వు లే అని.”

“అరచేయి మీదికి?”

“ధనం. కిందికైతే రుణం. వేళ్లు అంకె.” వనజ కండె పక్కన పెట్టింది. “ఇవన్నీ నువ్వు పాఠానికి ముందు అడిగితే చెప్పకపోదునా అక్కా?”

“నువ్వు కాగితం చదివితే నాకు చెప్పకపోదువా?”

వనజ నోట్లోంచి నవ్వులాంటిది ఒకటి వచ్చి ఆగిపోయింది.

ఇద్దరూ కాగితం పరిచారు. ప్రతి వాక్యం కింద, ఏది కనిపిస్తే అవును పెట్టాలో ఒక చిన్న వాక్యం రాయడం మొదలుపెట్టారు. ప్రశ్న అంటే మాట, రాత, సైగ ఏదైనా కావచ్చు. దాని వెంట పిల్లలు జవాబు ఇవ్వడానికి చోటు వదలాలి. పేరు పిలవడం అంటే ఒక్క పిల్లను ఏ గుర్తుతోనైనా ఎంచుకోవడం. జవాబు అంటే చెప్పడం, రాయడం, చూపడం. పక్కన ఇంకో గడి చేర్చారు: ఏం చూశావు. అందులో ఒక ముక్క రాయకుండా టిక్ పెట్టకూడదు.

సగం రాశాక వినోద ఆగిపోయింది.

“మనం ఏం చేస్తున్నం వనజా? ‘లేదు’లన్నీ ‘అవును’లు అయ్యేటట్టు వాక్యాలను సాగదీస్తున్నమా?”

“నాకేం తెలుసు? నువ్వే కదా పెద్ద కొలతల మనిషివి.”

“సైగ కూడా ప్రశ్నే అంటే, రేపు ఎవరో ఊకె చెయ్యి ఊపి ప్రశ్న అడిగిన అంటరు.”

“ఊపితే పిల్లలు జవాబు ఇయ్యరు కదా. చోటు వదలాలె అని రాసినం.”

అది నిజమే అనిపించింది. అయినా పూర్తిగా తృప్తి కలగలేదు. వడ్ల యంత్రంలో అంకెను వడ్లతో కూర్చుని మాట్లాడి నిర్ణయించరు. ఇక్కడ కొలవబోయే మనిషే కొలతను చెబుతోంది. ఇది న్యాయమో కాదో ఆమెకు తెలియలేదు. ఎవరినైనా అడుగుదామంటే అడిగే మనిషి ఎవరో కూడా తెలియలేదు.

వెనక వరుస వాక్యం దగ్గరికి వచ్చాక వనజే చెయ్యి అడ్డం పెట్టింది.

“దీన్ని సాగదీయకు. ఇంకా గట్టిగ రాయి. వెనక వరుసల పిల్ల చూపెట్టిన జవాబును నేను చూసినట్టు ఏదన్న చేసిన్నా అని.”

“చేస్తవా?”

“తెలువదు. అందుకే.”

సోమవారం పొద్దున వినోద హెడ్‌మాస్టర్ గదికి వెళ్లింది. కొత్త కాగితాలు రెండు చేతిలో ఉన్నాయి.

“సార్, క్లాసు మార్చేముందు ఒక్క పీరియడ్ మీరు కూసోండి. నాతోటి. నేను ఒక పక్క, మీరు ఒక పక్క.”

“నేనెందుకమ్మా? నువ్వు రాసినవ్ కదా.”

“నేను రాసింది తప్పో ఒప్పో నాకే తెలుస్తలేదు సార్.”

హనుమండ్లు సార్ కళ్లద్దాలు సవరించుకుని ఆమెను చూశాడు. తప్పు రాశానని వచ్చినవాళ్లను ఆయన చూసి ఉంటాడు. తెలియడం లేదని వచ్చినవాళ్లు తక్కువ. కాగితం తీసుకుని చదివాడు. గుర్తుల గురించి రాసిన చోట ఆగి, తన చేతిని పైకి తిప్పి, కిందికి తిప్పి చూసుకున్నాడు.

“పా, పోదం,” అన్నాడు.

ఆ పీరియడ్ అంతా సాంచాలు నడిచాయి. వనజ బోర్డు దగ్గర, మాట లేకుండా. చెయ్యి లేచినప్పుడల్లా గది ఆగింది. దిగినప్పుడల్లా వేళ్లు లేచాయి. హెడ్‌మాస్టర్ తల ఒకసారి వనజ వైపు, ఒకసారి కాగితం వైపు తిరుగుతూ ఉంది. ఒకచోట ఆయన కూడా ఒళ్లో రెండు వేళ్లు చాపడం వినోద చూసింది. అరచేయి కిందికి ఉంది. సరైన జవాబు ధన రెండు. ఆయన చుట్టూ చూసి అరచేయి పైకి తిప్పాడు.

వెనక వరుసలో కిటికీ పక్కన ఒక పిల్ల ప్రతిసారీ వేళ్లు చూపింది. ముందు కూర్చున్నవాళ్ల తలల వెనక ఆ చెయ్యి ఆగిపోయింది. అరచేయి పైకి ఉందో కిందికి ఉందో బోర్డు దగ్గరికి కనిపించే అవకాశం లేదు. పిల్ల కొన్నిసార్లు తప్పు చూపింది. ఎవరూ చూడలేదు. వినోద పెన్ను ఆ వాక్యం మీద చాలాసేపు నిలిచింది. ఇక్కడ లేదు అని పెడితే వనజ తరగతి పోవచ్చు. మూడో గడి ఖాళీగా ఉంది. దాని మీద పెన్ను పెట్టి తీసింది. అవకాశం ప్రతిసారీ వచ్చింది. లేదు అని పెట్టి, పక్కన ‘కిటికీ పక్క పిల్ల, మూడో లెక్క’ అని రాసింది.

స్టాఫ్‌రూమ్‌లో కాగితాలు పక్కపక్కన పెట్టారు. దాదాపు అన్నీ కలిశాయి. ఒకటి రెండు కలవలేదు. వెనక వరుస వాక్యం దగ్గర ఇద్దరిదీ లేదు.

హెడ్‌మాస్టర్ పెన్ను తీసి కింద కూడబోయి ఆగాడు. “ఇప్పుడు ఇది పాసా, ఫెయిలా?”

“రెండూ కాదు సార్.”

“మరేంది?”

వినోద వెనక వరుస వాక్యం మీద వేలు పెట్టింది. “ఆమెకు ఇయ్యాలె సార్ ఈ కాగితం. అంతే.”

“అంతేనా?” ఆయన ఇంకా ఏదో ఉండాలన్నట్టు కాగితం తిప్పి వెనక చూశాడు. వెనక ఏమీ లేదు. “క్లాసు ఆమెకే ఉండనీ. ఆ వెనక పిల్లల సంగతి చూసుకోమను. మళ్లొక్కసారి కూసుంట నేను.” జేబులోంచి పాత కాగితం తీసి, సున్న చుట్టిన అంకెను ఒకసారి చూసి, వినోద చేతికి ఇచ్చాడు. “ఇదేం చేస్తవో చెయ్యి. గాని నువ్వు మొదటిసారి రాసింది తప్పేనా మరి?”

“తెలువదు సార్.”

వనజ రెండు కాగితాలూ చదివింది. తరగతి ఉందన్న మాటకు ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. కలిసిన వాక్యాలను దాటేసి వెనక వరుస దగ్గర ఆగింది.

“ఎన్నిసార్లు చూపెట్టింది ఆ పిల్ల?”

“ప్రతిసారి.”

“తప్పా?”

“కొన్ని తప్పే.”

మధ్యాహ్న భోజనానికి పిల్లలు బయటికి పోయారు. ఇద్దరూ ఖాళీ గదిలోకి వచ్చారు. వినోదను కిటికీ పక్కన ఆ పిల్ల బెంచీలో కూర్చోబెట్టి, తను బోర్డు దగ్గరికి నడిచింది వనజ. గోడ కొట్టుకుంటూనే ఉంది. వనజ అరచేయి చూపి ఒక అడుగు పక్కకు జరిగింది. మళ్లీ చూపింది. బల్ల ఎక్కింది. అక్కడి నుంచి చేతితో ఏదో అంది. కనిపిస్తోందా అని అడుగుతోందా, నువ్వు చూపెట్టు అంటోందా, దిగమంటావా అంటోందా, వినోదకు తెలియలేదు. ఆ సైగ ఆదివారం రాసుకున్న వాటిలో లేదు.

వినోద తన చెయ్యి ఎత్తింది. ఏం చూపాలో తేల్చుకోలేక ఎత్తిన చెయ్యి అలాగే ఉంచింది. వనజ బల్ల మీద నిలబడి దాన్నే చూస్తూ, తన తరగతి పిల్లల్లాగే ఆగింది.